కాదన్నా పోని సంగతి

పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తండ్రి అబ్బాయి తండ్రిని మర్యాదగా ఒక ప్రశ్న అడిగాడనుకుందాం: "అబ్బాయి తాగడం మానేశాడాండీ?" గదిలో ఒక్కసారిగా మాటలాగిపోతాయి. అబ్బాయి జన్మలో చుక్క ముట్టి ఉండడు. అయినా "మానేశాడండీ" అంటే ఇదివరకు తాగేవాడని ఒప్పుకున్నట్టు. "లేదండీ" అంటే ఇంకా తాగుతున్నాడని చెప్పినట్టు. అవునన్నా, కాదన్నా చిక్కే.

ఆ చిక్కంతా "మానేయడం" అనే క్రియలో ఉంది. మానేశాడు అన్నప్పుడు రెండు సంగతులు కలిసి వస్తాయి. ఇప్పుడు తాగడం లేదన్నది ఒకటి, ఇదివరకు తాగేవాడన్నది మరొకటి. మొదటిదాన్ని మాట్లాడేవాడు మన ముందు పెట్టి చెబుతున్నాడు. రెండోదాన్ని మాత్రం ఇద్దరికీ ముందే తెలిసినట్టు లెక్కేసుకుని మాట్లాడుతున్నాడు. ఇలా ముందే లెక్కలో వేసుకున్న సంగతిని ఈ అధ్యాయంలో పూర్వభావన అందాం.

ఈ రెంటినీ విడదీసి చూపే పరీక్ష ఒకటుంది. ఒకే మాటను నాలుగు రకాలుగా తిప్పి చూడాలి.

అబ్బాయి తాగడం మానేశాడు.
అబ్బాయి తాగడం మానలేదు.
అబ్బాయి తాగడం మానేశాడా?
అబ్బాయి తాగడం మానేస్తే సంబంధం ఖాయం చేసుకుందాం.

"ఇప్పుడు తాగడం లేదు" అన్న సంగతి మొదటి వాక్యంలో మాత్రమే ఉంది. రెండోది దాన్ని కాదంటోంది, మూడోది అడుగుతోంది, నాలుగోది ఊహగా పెట్టి వదిలేస్తోంది. కానీ అబ్బాయికి ఇదివరకు తాగే అలవాటుండేదన్న సంగతి నాలుగింటిలోనూ చెక్కుచెదరలేదు. వ్యతిరేకార్థం, ప్రశ్న, తెలుగు వ్యాకరణం చేదర్థకమని పిలిచే "-తే" రూపం, ఈ మూడూ మామూలు అర్థాన్ని లోపలే ఆపేస్తాయి. పూర్వభావన మాత్రం వాటిని దాటుకుని వాక్యం పైకి తేలుతుంది. భాషాశాస్త్రంలో దీనికి ప్రొజెక్షన్ అని పేరు.

జర్మన్ తర్కవేత్త గోట్లోబ్ ఫ్రెగె 1892లోనే దీన్ని గమనించాడు. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ దుర్భర దారిద్ర్యంలో చనిపోయాడన్న వాక్యాన్ని తీసుకున్నాడు. కెప్లర్ అనే మనిషి ఉన్నాడన్నది ఆ వాక్యం చెప్పే అర్థంలో భాగం కాదన్నాడు. భాగమే అయితే, ఆ వాక్యాన్ని కాదన్నప్పుడు "కెప్లర్ దారిద్ర్యంలో చనిపోలేదు, లేదా కెప్లర్ అనే పేరుకు మనిషే లేడు" అని అర్థం రావాలి. అలా ఎవరికీ వినిపించదు. 1905లో బెర్ట్రాండ్ రస్సెల్ దీన్ని ఒప్పుకోలేదు. 1950లో పీటర్ స్ట్రాసన్ రస్సెల్‌ను ఖండించాడు. అయితే వాళ్ళ వాదమంతా చిన్న వాక్యాల మీదే సాగింది. అసలు తలనొప్పి వాక్యాలను ఒకదానితో ఒకటి ముడివేసినప్పుడు మొదలైంది.

వారసత్వం ఎక్కడ తెగుతుంది?

చిన్న వాక్యాల్లోని పూర్వభావనల్లో ఏవి పెద్ద వాక్యానికి వస్తాయి, ఏవి రావు? ఈ ప్రశ్నకు "ప్రొజెక్షన్ సమస్య" అన్న పేరు 1971లో టెరెన్స్ లాంగెండోయెన్, హారిస్ సావిన్ రాసిన వ్యాసంతో స్థిరపడింది. వాళ్ళు ఇచ్చిన జవాబు చాలా సూటిగా ఉంది: అన్నీ వస్తాయి. ముక్కల్లో ఉన్న పూర్వభావనలన్నీ మొత్తానికి ఆస్తిలా సంక్రమిస్తాయి.

ఇది నిలవలేదు. ఎందుకు నిలవలేదో పెళ్ళిళ్ళ పేరయ్య నోటినుంచే వినవచ్చు. ఆడపిల్ల తండ్రి పక్కకు పిలిచి గుచ్చిగుచ్చి అడిగితే పేరయ్య ఇలా అంటాడు: "అబ్బాయికి ఇదివరకు ఆ అలవాటుంటే, ఈపాటికి మానేసే ఉంటాడండీ." ఇందులో "మానేయడం" ఉంది. దాని పూర్వభావన కూడా లోపల ఉండే ఉంటుంది. కానీ ఈ మాట విని అబ్బాయి తాగేవాడని పేరయ్య ఒప్పేసుకున్నాడని ఎవరూ అనలేరు. తాగాడో లేదో తనకు తెలియదనే అంటున్నాడు. ముక్కలో ఉన్న పూర్వభావన మొత్తానికి చేరకుండా మధ్యలోనే ఆగిపోయింది.

1973లో లౌరి కర్టునెన్ దీనికి ఒక వర్గీకరణ ఇచ్చాడు. భాషలో కొన్ని మాటలు చిల్లుల్లాంటివి, పూర్వభావనను అలాగే పైకి పోనిస్తాయి. "లేదు" అటువంటిది. కొన్ని బిరడాల్లాంటివి, పైకి రానివ్వవు. "అబ్బాయి తాగడం మానేశాడని వాళ్ళ పక్కింటివాడు అన్నాడు" అంటే ఆ పూచీ పక్కింటివాడిదే. మూడో రకం జల్లెడలు. "-తే", "లేదా", రెండు వాక్యాలను కలిపే సముచ్చయం ఈ రకానివి. ఇవి కొన్నిటిని వదిలి, కొన్నిటిని ఆపుతాయి. "-తే" జల్లెడ సూత్రం ఇది: రెండో ముక్కకు కావలసిన పూర్వభావనను మొదటి ముక్క సమకూర్చి పెడితే అది అక్కడే ఆగుతుంది, సమకూర్చకపోతే పైకి పోతుంది. పేరయ్య మాటలో "ఆ అలవాటుంటే" అన్న మొదటి ముక్క సరిగ్గా ఆ పనే చేసింది.

నాలుగు అవకాశాల లెక్క

జల్లెడ ఎలా పనిచేస్తుందో కర్టునెన్ చెప్పాడు. అది వినేవాడి మనసులో ఏ పనిగా జరుగుతుందో 1983లో ఇరేనె హైమ్ చూపింది. రాబర్ట్ స్టాల్నేకర్ 1970లలో చెప్పిన ఒక ఆలోచన దీనికి పునాది. సంభాషణలో ప్రతి నిమిషానా వినేవాడి ముందు ఇంకా కొట్టివేయని అవకాశాల జాబితా ఒకటుంటుంది. ప్రతి వాక్యమూ అందులో కొన్నిటిని కొట్టేస్తుంది.

ఆడపిల్ల తండ్రి ముందున్న జాబితా వేసి చూద్దాం. ఇదివరకు తాగేవాడా, ఇప్పుడు తాగుతున్నాడా అన్న రెండు ప్రశ్నలకు మొత్తం నాలుగు అవకాశాలు.

ఒకటి: ఇదివరకు తాగేవాడు, ఇప్పుడూ తాగుతున్నాడు.
రెండు: ఇదివరకు తాగేవాడు, ఇప్పుడు తాగడం లేదు.
మూడు: ఇదివరకు తాగలేదు, ఈమధ్యే మొదలుపెట్టాడు.
నాలుగు: ఇదివరకూ తాగలేదు, ఇప్పుడూ తాగడు.

"మానేశాడు" అన్న వాక్యానికి హైమ్ పెట్టిన షరతు ఒకటే. దానికి అందిన జాబితాలోని ప్రతి అవకాశంలోనూ మనిషి ఇదివరకు తాగేవాడై ఉండాలి. లేకపోతే ఆ వాక్యం లెక్కే మొదలుకాదు.

ముందు "మానలేదు" చూద్దాం. కాదనడమంటే, లోపలి వాక్యం నిజమయ్యే అవకాశాలను గుర్తుపట్టి వాటిని జాబితాలోంచి తీసేయడం. గుర్తుపట్టాలంటే "మానేశాడు"ను జాబితా మీద వేసి చూడక తప్పదు. కానీ మూడు, నాలుగు అక్కడే ఉన్నాయి కాబట్టి లెక్క మొదలుకాదు. అప్పుడు వినేవాడు మారుమాట్లాడకుండా ఆ రెంటినీ తీసి పక్కన పెడతాడు. 1979లో డేవిడ్ లూయిస్ వర్ణించిన సర్దుబాటు ఇదే. అవతలివాడు ఏదో ఒప్పుకున్నట్టు మాట్లాడితే, అభ్యంతరం చెప్పకుండా మనమూ ఒప్పుకుని ముందుకు పోతాం. ఇప్పుడు మిగిలినవి ఒకటి, రెండు. వాటిలో మానేసినది రెండు. దాన్ని తీసేస్తే ఒకటి మిగిలింది. కాదన్నా పూర్వభావన ఎందుకు పోలేదో దీనితో తేలింది. కాదనడానికి ముందే అది చేతిలో ఉండాలి.

ప్రశ్న సంగతీ అంతే. "మానేశాడా?" అని అడగడమంటే అవకాశాలను అవును కుప్పగా, కాదు కుప్పగా విడగొట్టమనడం. రెండు అవును కుప్పలోకి, ఒకటి కాదు కుప్పలోకి పోతాయి. మూడుకూ నాలుగుకూ ఏ కుప్పలోనూ చోటు లేదు. పెళ్ళిచూపుల గదిలో అబ్బాయి తండ్రికి ఊపిరాడనిది ఇందుకే. అతని కొడుకు నాలుగో అవకాశంలో ఉన్నాడు, ప్రశ్న ఆ గడిని ముందే మూసేసింది.

ఇక పేరయ్య మాట. "ఆ అలవాటుంటే" అనగానే వినేవాడు తాత్కాలికంగా ఒకటి, రెండు అవకాశాలనే చేతిలోకి తీసుకుంటాడు. "మానేసే ఉంటాడు" అన్న ముక్కను మొత్తం జాబితా మీద కాదు, ఈ చిన్న జాబితా మీద వేస్తాడు. దానిలో ప్రతి అవకాశంలోనూ తాగేవాడే కాబట్టి షరతు నెరవేరింది, సర్దుబాటు అక్కర్లేదు. ఇందులో మానేయనిది ఒకటి. పేరయ్య మాట నిజమైతే ఆ ఒక్కటే తప్పు కావాలి. కాబట్టి మొదటి జాబితాకు తిరిగి వచ్చి దాన్ని మాత్రమే కొట్టేస్తాం. రెండు, మూడు, నాలుగు మిగిలాయి. అబ్బాయి ఎన్నడూ తాగలేదనే అవకాశం ఇంకా బతికే ఉంది. పేరయ్య దేనికీ కట్టుబడలేదు.

మరి మానేయడానికి ముందు అలవాటే లేదని చెప్పాలంటే? తెలుగులో దానికి చక్కటి నుడికారం ఉంది: "మానేయడమేమిటండీ, అసలు తాగితే కదా!" ఇలా అన్నప్పుడు పూర్వభావన "కాదు" లోపలే ఉండిపోయి దానితోపాటు కొట్టుకుపోతుంది. హైమ్ దీనికీ దారి చూపింది. సర్దుబాటును మొత్తం జాబితా మీద కాక, కాదనే పనిలో వాడే తాత్కాలిక జాబితా మీద మాత్రమే చేయవచ్చు. కానీ ఎప్పుడు ఎక్కడ సర్దుకోవాలో నిర్ణయించేది ఏది? పైన సర్దుకోవడమే మామూలు, లోపల సర్దుకోవడం వేరే దారి లేనప్పుడే అని చాలామంది అంటారు. ఆ ఎంపిక ఎందుకలా ఉందన్నది వేరే వివరణ కోరుతుంది.

వరుస ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ లెక్క ఇంత చక్కగా కుదిరినా దాని మీద గట్టి అభ్యంతరం వచ్చింది. పేరయ్య మాటకు హైమ్ లెక్కలో మొదటి ముక్క ముందు, రెండోది దాని మీద. ఆ వరుస ఎవరు పెట్టారు? "మానేసే ఉంటాడు"ను ముందు మొత్తం జాబితా మీద వేసి, తరవాత "ఆ అలవాటుంటే" చూసే మరో "-తే"ని ఊహించుకోవచ్చు. పూర్వభావన తీరితే ఆ "-తే" కూడా సరిగ్గా ఆ ఒకటినే కొట్టేస్తుంది. సత్యాసత్యాల్లో రెంటికీ తేడా లేదు. పూర్వభావన విషయంలో మాత్రం ఈ రెండో "-తే" జల్లెడలా ఉండదు, చిల్లులా ఉంటుంది. మరి ఏ భాషలోనూ ఆ రెండో రకం ఎందుకు కనబడదు? 1980లలో మాట్స్ రూత్, స్కాట్ సోమ్స్ ఎత్తి చూపినది ఇదే. లెక్క జరిగే తీరును పదం అర్థంలోనే రాసిపెట్టుకుంటే, కావలసిన జవాబును ముందే ప్రశ్నలో దాచుకున్నట్టవుతుంది.

2008, 2009లలో ఫిలిప్ ష్లెంకర్ దీనికి వేరే దారి వెతికాడు. వరుస పదంలో లేదు, వినేవాడిలో ఉంది అన్నాడు. మాటలు ఒకదాని వెంట ఒకటి చెవిన పడతాయి. "ఇదివరకు ఆ అలవాటుంటే" అని వినగానే, తరవాత ఏ మాట వచ్చినా సరే, మూడు, నాలుగు అవకాశాలకు ఏ తేడా రాదని వినేవాడికి తెలిసిపోతుంది. "-తే" వాక్యం అబద్ధం కావాలంటే మొదటి ముక్క నిజం కావాలి, అక్కడ అది నిజమే కాదు. పట్టించుకోనవసరం లేనివాటిని మోయడమెందుకని వినేవాడు వాటిని పక్కన పెట్టేస్తాడు. రెండో ముక్క వచ్చేసరికి చేతిలో ఒకటి, రెండు మాత్రమే ఉంటాయి. హైమ్ పదానికి అంటగట్టిన వరుస ఇక్కడ సత్యాసత్యాల నుంచీ, మాట వినే క్రమం నుంచీ దానంతట అదే పుట్టింది.

ఇది నిజమైతే, మాటల వరుస మారితే ఫలితమూ మారాలి. ఇక్కడే వాదం వేడెక్కుతుంది. పేరయ్య తన మాటను తలకిందులు చేసి ఇలా అన్నాడనుకోండి: "మానేసే ఉంటాడండీ, ఆ అలవాటంటూ ఇదివరకు ఉంటే." "మానేయడం" ముందే చెవిన పడింది, దాన్ని కాపాడే ముక్క ఆ తరవాత వచ్చింది. అయినా పేరయ్య దేనికీ కట్టుబడినట్టు అనిపించదు. "లేదా" కూడా ఇంతే. "అబ్బాయి ఎన్నడూ తాగి ఉండడు, లేదా ఈమధ్యే మానేసి ఉంటాడు" అన్నా, ముక్కలు అటూ ఇటూ మార్చినా అబ్బాయి మీద మచ్చ పడదు. ఇల్లు చూడ్డానికి వెళ్ళి, ఈ ఇంట్లో బాత్‌రూమ్ లేకపోవాలి, లేదా అది ఏదో వింత చోట ఉండాలి అనే వాక్యం బార్బరా పార్టీ పేరుతో ఈ రంగంలో అందరికీ తెలుసు. దాన్నీ ఎటునుంచైనా చెప్పవచ్చు.

సముచ్చయం మాత్రం అలా లేదు. 2020లో మాథ్యూ మాండెల్కర్న్, జెరెమీ జేర్, జకొపో రొమోలి, ఫ్లోరియన్ ష్వార్ట్స్ ఇంగ్లీషు మాట్లాడేవారితో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. రెండు వాక్యాలను సముచ్చయంతో కలిపి, ఆ జంటను "-తే" లాంటి షరతు లోపల పెట్టారు. జంటలో దేన్నీ చెప్పినట్టు కాకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. పూర్వభావనను సమకూర్చే ముక్క ముందుంటే పూర్వభావన ఆగింది, వెనక ఉంటే ఆగలేదు. అంటే ఒక జల్లెడకు వరుస ముఖ్యం, ఇంకో జల్లెడకు కాదు. వరుస వినేవాడి అలవాటు నుంచే వస్తే అన్ని జల్లెడలకూ ఒకేలా ఉండాలి. పదం నుంచే వస్తే రూత్, సోమ్స్ అడిగిన ప్రశ్న తిరిగి ముందుకొస్తుంది.

తెలుగు చెవితో వింటే ఇంకొక సంగతి తోస్తుంది. మన భాషలో "లేదు", ప్రశ్న "-ఆ", "-తే" మూడూ క్రియ చివరే చేరతాయి. "అబ్బాయి తాగడం మాన..." అనేంతవరకు అది చెప్పడమో, కాదనడమో, అడగడమో వినేవాడికి తెలియదు. ఇంగ్లీషులో వాటికి సమానమైన మాటలు సాధారణంగా ముందే వినిపిస్తాయి. అయినా మొదట చూసిన నాలుగు వాక్యాల పరీక్ష రెండు భాషల్లోనూ ఒకే ఫలితం ఇస్తుంది. వరుస అంటే చెవిన పడే అక్షరాల వరుసా, లేక వాక్యపు ముక్కలు ఒకదానిలో ఒకటి అమరిన తీరా అన్నది తేల్చుకోకుండా, "వినే క్రమం" అనే వివరణను తెలుగుకు అన్వయించలేం.

రవి భార్య, రవి వల

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. 1996లో బార్ట్ గర్ట్స్ దాన్ని గట్టిగా ముందుకు తెచ్చాడు. ఈ రెండు వాక్యాలు వినండి.

రవి చేపలు పట్టేవాడైతే తన వల తెచ్చుకుంటాడు.
రవికి వంకాయ పడకపోతే వాళ్ళావిడ పప్పు చేస్తుంది.

మొదటిదానిలో "తన వల" అన్న మాటకు రవికి వల ఉందన్నది పూర్వభావన. రెండోదానిలో "వాళ్ళావిడ" అన్న మాటకు రవికి పెళ్ళయిందన్నది పూర్వభావన. రెండు వాక్యాల కట్టడి ఒకటే. జల్లెడ లెక్క ప్రకారం ఫలితమూ ఒకటే కావాలి. రెండో ముక్కను చిన్న జాబితా మీదే వేస్తాం కాబట్టి, పూర్వభావన ఆ చిన్న జాబితాలో నిలిస్తే చాలు. అంటే మొదటిది "రవి చేపలు పట్టేవాడైతే అతనికి వల ఉంది" అనే షరతును మాత్రమే కోరాలి. రెండోది "రవికి వంకాయ పడకపోతే అతనికి భార్య ఉంది" అనే షరతును మాత్రమే కోరాలి.

మొదటిది సరిగ్గా అలాగే వినిపిస్తుంది. రవి చేపలు పట్టేవాడో కాదో తెలియదు, పట్టేవాడైతే వల ఉండే ఉంటుంది. రెండోది మాత్రం అలా వినిపించదు. వంకాయకూ పెళ్ళికీ ముడిపెట్టి ఎవరూ వినరు. రవికి పెళ్ళయిందని, షరతు ఏమీ లేకుండా, సూటిగా అర్థం చేసుకుంటాం. లెక్క చెప్పినదానికన్నా బలమైన సంగతి మన చెవికి అందింది.

హైమ్ పక్షంవారి సమాధానం ఇది. లెక్క కోరేది బలహీనమైన షరతునే. కానీ సర్దుకునేటప్పుడు వినేవాడు లోకజ్ఞానం వాడతాడు. పెళ్ళికీ వంకాయకూ సంబంధం ఉండే అవకాశం లేదు కాబట్టి, ఆ షరతు నిజమవాలంటే రవికి పెళ్ళయి ఉండడమే సహజమని ఊహిస్తాడు. చేపలకూ వలకూ సంబంధం సహజమే కాబట్టి అక్కడ అంత దూరం పోనక్కర్లేదు.

వినడానికి బాగుంది. కానీ గర్ట్స్ దానికి ఎదురు ఉదాహరణ చూపాడు. దాన్ని మన వంకాయకు అన్వయిస్తే ఇలా ఉంటుంది: "రవికి వంకాయ పడకపోతే అతనికి భార్య ఉందని శాంతకు తెలుసు." "తెలుసు" అన్న క్రియ తన కింది సంగతి నిజమని లెక్కేసుకుంటుంది. కాబట్టి ఇక్కడి పూర్వభావన, లెక్క పైన చెప్పిన ఆ షరతే, అక్షరం తేడా లేకుండా. లోకజ్ఞానం కథ నిజమైతే ఇక్కడా మనం "ఓహో, రవికి పెళ్ళయిందన్నమాట" అని సర్దుకోవాలి. అలా సర్దుకోం. ఇదేం మాట, వంకాయకూ పెళ్ళికీ సంబంధమేమిటని వింతపడతాం. ఒకే షరతు ఒకచోట బలపడి, మరోచోట బలపడకపోతే, బలపరిచేది లోకజ్ఞానం ఒక్కటే కాదు.

రాబ్ వాన్ డెర్ సాంట్ 1992లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ ముడిని వేరే కొసనుంచి పట్టుకుంటుంది. పూర్వభావన "వాడు", "అది" లాంటి సర్వనామం వంటిదని అతని వాదం. సర్వనామం తనకు ముందు చెప్పిన మనిషిని వెతుక్కున్నట్టే, పూర్వభావన తనకు ఆధారాన్ని వెతుక్కుంటుంది. పేరయ్య మాటలో "ఆ అలవాటుంటే" అన్న ముక్కలో ఆధారం దొరికి అక్కడే కట్టుబడింది. వంకాయ వాక్యంలో దగ్గరలో ఆధారం లేదు కాబట్టి పైకి పోయి మొత్తం సంభాషణలో స్థిరపడింది. రవికి పెళ్ళయిందని సూటిగా ఎందుకు వినిపిస్తుందో దీనికి సులువుగా అందుతుంది. కానీ చేపల వాక్యంలోనూ "చేపలు పట్టేవాడైతే" అన్న ముక్కలో వల మాట లేదు. ఆధారం లేదు కాబట్టి అది కూడా పైకి పోయి, రవికి వల ఉందని సూటిగా వినిపించాలి. వినిపించేది షరతుతో కూడిన సంగతి. సర్వనామంలా పైకో కిందికో కదిలే వస్తువు కొత్తగా ఒక షరతును తయారుచేయలేదు.

ఇదీ ఇప్పటి పరిస్థితి. జల్లెడ సిద్ధాంతానికి వల అందుతుంది, భార్య అందదు. సర్వనామ సిద్ధాంతానికి భార్య అందుతుంది, వల అందదు. రెండు పక్షాలూ తమకు అందనిదాన్ని అందుకోవడానికి అదనపు సూత్రాలు చేరుస్తూనే ఉన్నాయి. చేర్చిన ప్రతి సూత్రమూ ఎక్కడ ఆగాలో చెప్పుకోవలసి వస్తోంది. పైగా పూర్వభావన తెచ్చే పదాలన్నీ ఒకే మొండితనం చూపవు. "ఆయన సిగరెట్లు తాగేవాడో కాదో నాకు తెలియదు, ఈమధ్య మానేసి ఉంటే ఆ చిరాకు అందుకే కావచ్చు" అన్న మాట ఇబ్బంది లేకుండా సాగిపోతుంది. "ఆయన ఇదివరకు మా ఇంటికి వచ్చాడో లేదో నాకు తెలియదు, మళ్ళీ వస్తే చెప్పు" అంటే మాట తట్టుకుంటుంది. "మానేయడం" లోపల సర్దుకోనిచ్చింది, "మళ్ళీ" ఒప్పుకోలేదు. ఈ రెంటినీ ఒకే యంత్రం నడుపుతోందా అన్నదే ఇప్పుడు అనుమానం.

ఈ వాదనల్లో ఏది గెలిచినా అది లెక్క చెప్పవలసిన చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. ఆడపిల్ల తండ్రి తన ప్రశ్ననే "ఒకవేళ అబ్బాయికి ఆ అలవాటంటూ ఉంటే, ఇప్పుడు మానేశాడా?" అని అడిగి ఉంటే, అబ్బాయి తండ్రి నింపాదిగా "అసలు లేదండీ" అని ఉండేవాడు. "-తే" ముక్క నాలుగో గడిని మళ్ళీ తెరిచింది. కానీ అతను "ఒకవేళ అబ్బాయికి వంకాయ పడకపోతే, తాగడం మానేశాడా?" అని అడిగి ఉంటే, అదీ "-తే" వాక్యమే అయినా ఏ గడీ తెరుచుకోదు. ఆ తేడా గదిలో ఉన్న చిన్నపిల్లకు కూడా వెంటనే అందుతుంది. దాన్ని ఎక్కడా తడబడకుండా పట్టి చూపే సూత్రం కోసం యాభై ఏళ్ళకు పైగా వెతుకుతున్నారు.